నాలుగు ప్రోగ్రాములు, అవే రెండు కేజీల బట్టలు: వాషింగ్ మిషన్ కొలతల డైరీ

మే 3

ఈ డైరీకి మూలం అమ్మ చీర. బండారులంక కాటన్ చీర, తెల్లది, సన్నటి జరీ అంచు, పోయినేడు మేనమామ పెట్టింది. మిషన్‌లో నాలుగుసార్లు పడిందో లేదో అంచు పక్కన నూలు లేచి పీచు పీచుగా అయిపోయింది. అదే మిషన్‌లో నా చెరువు చొక్కాలు వేస్తేనేమో కాలరు మీద నల్ల గీత అలాగే ఉంటది, రొయ్యల చెరువు వాసన కూడా పూర్తిగా వదలదు. మెత్తటి చీరని చింపుతుంది, మొండి చొక్కాని ఉతకదు, ఇదెక్కడి మిషను అనుకుని మా ఆవిడని అడిగితే, చీర నార్మల్‌లో వేశానండీ, చొక్కాలు క్విక్‌లో వేశాను అరగంటలో అయిపోతాయని, అంది. అదన్నమాట సంగతి. మిషన్ తప్పు కాదు, మనం నొక్కిన బటన్ లోపల ఏం మారుస్తుందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మిషన్‌తో ఇచ్చిన పుస్తకం చూస్తే డెలికేట్స్ అంటే సున్నితమైన బట్టలకి, హెవీ అంటే బాగా మురికైన బట్టలకి అని ఉంది, అంతవరకు పేరు చూస్తేనే తెలుస్తుంది కదా.

నా పని చెరువు నీళ్లకి గాలి కలిపే ఏరేటర్ల మోటార్ల రిపేరు, భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద. కాబట్టి మోటారు ఎంత స్పీడులో తిరుగుతుందో చూసే టాకో మీటరు, కరెంటు ఎంత లాగుతుందో చూసే మీటరు, నీళ్ల టెంపరేచర్ ప్రోబు, రొయ్యలు తూచే వేలాడే డిజిటల్ కాటా, అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. మిషన్ ఏడు కేజీల ఫ్రంట్ లోడు, లోపల హీటర్ ఉన్నది, మోటారు నుంచి డ్రమ్ముకి బెల్టు. ప్లాన్ ఏంటంటే ప్రతి ప్రోగ్రాములో ఒకటే మూట వేయాలి: రెండు లుంగీలు, ఒక తువ్వాలు, దిండు గలేబులు, చొక్కాలు, పొడిగా తూస్తే సరిగ్గా రెండు కేజీలు. పౌడరు కూడా ఒకటే కొలత. నార్మల్, డెలికేట్స్, క్విక్, హెవీ, ఈ నాలుగే చూస్తా, మిగతా పన్నెండూ నాకొద్దు.

మే 5

మొదటి ప్రయత్నం మొత్తం వేస్టు, కానీ రాసిపెట్టుకోవాలి, ఇది ఎవరింట్లోనైనా జరగొచ్చు. మిషన్ వదిలే నీళ్లు కొలుద్దామని వెనక క్లిప్పులోంచి డ్రెయిన్ పైపు ఊడదీసి బాత్రూములో నేల మీద టబ్బులో పడేశా. మా బాత్రూము నేల మిషన్ ఉన్న చోటు కన్నా జానెడు కిందకి ఉంటుంది. నార్మల్ నొక్కా. నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి, పది నిమిషాలైనా ఆగట్లేదు, టబ్బు నిండిపోయి పొర్లుతోంది, చివరికి నీళ్లు రావట్లేదని ఎర్రర్ చూపించి ఆగిపోయింది. నీళ్లు రాకపోవడమేంటి, ఇన్ని వచ్చాయి కదా అనిపించింది.

తర్వాత చెవి పెట్టి వింటే అర్థమైంది, డ్రెయిన్ పంపు గుయ్యిమనే శబ్దం లేదు గానీ పైపులోంచి నీళ్లు మాత్రం పోతున్నాయి. పైపు చివర మిషన్ లోపలి నీటిమట్టం కన్నా కిందకి ఉంటే నీళ్లు వాటంతట అవే జారిపోతాయి, కాలవలో తూము తీసినట్టే. మిషన్ ఎంత పట్టినా మట్టం రాదు, అది పట్టి పట్టి ఇక విసిగి ఎర్రర్ ఇచ్చింది. పైపు చివర నేల నుంచి కనీసం అరవై సెంటీమీటర్లు పైన ఉండాలి. అందుకే కంపెనీ వాళ్లు వెనక పైకి వంచి క్లిప్పు పెడతారు. మీ మిషన్ ఎప్పుడూ నీళ్లు పడుతూనే ఉంటే వాల్వు పోయిందనుకునే ముందు పైపు ఎక్కడ ఉందో చూడండి. పంపు మోగకుండా నీళ్లు పోతుంటే ఇదే రోగం.

ఇప్పుడు స్టూలు మీద బకెట్టు పెట్టి పైపుని దాని అంచుకి గుడ్డతో కట్టా. నిండే బకెట్లని కాటాకి తగిలించి తూస్తా, కేజీ అంటే లీటరు.

మే 8 — నార్మల్

మిషన్ ప్లగ్ తీసి వెనక కవరు విప్పి, డ్రమ్ము పుల్లీ మీద టాకోకి కావాల్సిన మెరిసే స్టిక్కరు అంటించా. పుల్లీ ఒక చుట్టు తిరిగితే డ్రమ్ము ఒక చుట్టు తిరిగినట్టే. ఇది ఇంట్లో చెయ్యమని మాత్రం ఎవరికీ చెప్పను. కవరు లేకుండా నడిపితే హీటరు టెర్మినల్స్ దగ్గర కరెంటు బయటికే ఉంటది, బెల్టు వేలు లాగేస్తది. నేను మూడడుగుల దూరం నుంచే టాకో లైటు కొట్టా, పిల్లల్ని ఆ గది వైపే రానివ్వలేదు.

నార్మల్, 40 డిగ్రీలు. డ్రమ్ము నిమిషానికి 48 చుట్లు. పన్నెండు సెకన్లు ఒక వైపు తిరిగి నాలుగు సెకన్లు ఆగుతుంది, మళ్లీ పన్నెండు సెకన్లు రెండో వైపు. అంటే టైములో ముప్పాతిక వంతు తిరుగుడే. ఉతుకు భాగం 55 నిమిషాలు, దాని తర్వాత మూడు జాలింపులు, చివర 1000 ఆర్పీఎం పిండుడు. మొత్తం ఒక గంటా నలభై నిమిషాలు.

నీళ్ల దగ్గరే ఆశ్చర్యపోయా. ఉతుకు అయ్యాక వదిలిన నీళ్లు ఎనిమిది లీటర్లే. ఇంకోసారి ఉతుకు మధ్యలోనే ఆపి నీళ్లు వదిలించి, పిండకుండా బట్టలు తీసి తూస్తే ఏడు కేజీలున్నాయి, అంటే బట్టలు పీల్చుకున్నవి ఐదు. మొత్తం పదమూడు లీటర్లతో ఉతికేస్తోంది. తలుపు గాజులోంచి చూస్తే అడుగున నీళ్లే కనపడవు, తడి బట్టలు పైకెళ్లి ధబ్ ధబ్ మని పడటమే కనిపిస్తుంది.

అమ్మ అది చూసి, ఈ కాసిని నీళ్లతో ఏం తెల్లబడతాయిరా, మిషన్ పాడైపోయిందేమో అని పౌడరు వేసే సొరుగులోంచి రెండు చెంబులు పోసేసింది. వద్దమ్మా అన్నా గానీ ఎందుకు వద్దో ఆ క్షణంలో నాకూ సరిగ్గా తెలీదు.

మే 9

నిన్న అమ్మ పోసిన నీళ్ల సంగతి రాత్రి కూర్చుని లెక్కేశా. ఇది నాకు బాగా నచ్చిన భాగం, కాబట్టి కాస్త విడమర్చి రాస్తున్నా.

ఫ్రంట్ లోడు మిషన్ ఉతికేది నీళ్లతో కాదు, పడెయ్యడంతో. మా ఊళ్లో చాకలి రేవులో బండ మీద బట్ట కొడతారు చూడండి, అదే పని. డ్రమ్ము లోపల మూడు గట్లు ఉంటాయి, అవి బట్టని పైకి మోసుకెళ్తాయి, ఒక ఎత్తుకి వెళ్లాక బట్ట జారి కింద తడి బట్టల మీద పడుతుంది. ఆ దెబ్బకి నూలు మధ్యలో ఉన్న సబ్బునీళ్లు బయటికి కొట్టుకొచ్చి మళ్లీ లోపలికి పోతాయి, మురికి అలాగే కదులుతుంది.

ఎంత ఎత్తు నుంచి పడుతుందనేది స్పీడుని బట్టి. నా డ్రమ్ము అడ్డం 48 సెంటీమీటర్లు. లెక్క కడితే నిమిషానికి 61 చుట్లు దాటితే బట్టలు డ్రమ్ము గోడకి అతుక్కుపోతాయి, పైన కూడా కింద పడవు, పిండేటప్పుడు జరిగేది అదే. 48 చుట్ల దగ్గరైతే, గడియారం ముల్లు తిరిగే వైపు డ్రమ్ము తిరుగుతోందనుకోండి, బట్ట పది గంటల అంకె కాస్త దాటాక గోడ వదిలి పడుతుంది. అదే 35 చుట్లయితే తొమ్మిదిన్నర దాటిన కాసేపటికే వదిలేస్తుంది, అంటే పడటం కన్నా జారడమే ఎక్కువ. గాజులోంచి ఫోన్లో స్లో మోషన్ వీడియో తీసి ఎర్ర గళ్ల తువ్వాలుని గుర్తుగా పెట్టుకుని చూశా, దాదాపు అలాగే ఉంది, ఒకోసారి ఇంకా ముందే జారిపోతోంది ఎందుకంటే తడి బట్ట ముద్దగా ఉంటుంది కదా.

ఇప్పుడు అడుగున నీళ్లు ఎక్కువ ఉంటే ఏమవుతుంది? చెరువులో దూకితే దెబ్బ తగలదు, నేల మీద దూకితే తగులుతుంది, అంతే తేడా. అమ్మ పోసిన రెండు చెంబులు పెద్ద తేడా తేవు గానీ దారి మాత్రం అటే, నీళ్లు పెరిగేకొద్దీ దెబ్బ తగ్గుతుంది, పైగా పౌడరు కూడా పల్చబడుతుంది. పొద్దున్నే అమ్మకి చెప్పా. రేవులో నీళ్లలో నిలబడి కొడతారా, బండ మీద కొడతారా అని అడిగితే, బండ మీదేలే, అంది.

మే 12 — డెలికేట్స్

అదే మూట, డెలికేట్స్, 30 డిగ్రీలు, పొద్దున ఆరింటికి.

అన్నీ తిరగబడ్డాయి. స్పీడు 35 చుట్లు, నాలుగు సెకన్లు తిరిగి పన్నెండు సెకన్లు ఆగుతోంది. అంటే నార్మల్‌లో పావు వంతు విశ్రాంతి, ఇందులో పావు వంతే తిరుగుడు. నీళ్లు ఉతుకులోనే ఇరవై మూడు లీటర్లు, గాజు కింద అంచు కన్నా నాలుగు వేళ్లు పైకి కనిపిస్తున్నాయి, బట్టలు తేలుతున్నాయి. ఆగిన పన్నెండు సెకన్లూ దండగ అనుకున్నా మొదట, కాదు, ఆ టైములో తేలుతున్న బట్టలోకి సబ్బునీళ్లు నెమ్మదిగా దిగుతున్నాయి. ఇందులో ఉతికేది దెబ్బ కాదు, నానబెట్టి కాస్త కదపడం.

ఉతుకు 22 నిమిషాలు, మొత్తం 48 నిమిషాలు. జాలింపుల మధ్య పిండుడు లేదు, ఊరికే నీళ్లు వదిలి మళ్లీ పడుతుంది, అందుకే జాలింపుకి కూడా ఎక్కువ నీళ్లు కావాలి. చివర 600 ఆర్పీఎం. మొత్తం నీళ్లు కలిపితే నార్మల్ కన్నా ఇరవై లీటర్లు ఎక్కువయ్యాయి. మా ఆవిడ ఈ సంగతి నమ్మలేదు, చిన్న ప్రోగ్రాము కదా నీళ్లు తక్కువ పడతాయనుకునేది. బకెట్లు లెక్కపెట్టి చూపించా.

ఒక చిన్న లెక్క వేసుకున్నా, ఉతుకులో డ్రమ్ము మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందని. నార్మల్‌లో 55 నిమిషాల్లో ముప్పాతిక వంతు, నిమిషానికి 48, అంటే దాదాపు 1980 చుట్లు. డెలికేట్స్‌లో 22 నిమిషాల్లో పావు వంతు, నిమిషానికి 35, అంటే 190 చుట్లు. పదో వంతు! అదీ తక్కువ ఎత్తు నుంచి, నీళ్ల మీద. అమ్మ చీర ఎందుకు పీచయ్యిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి, పుస్తకంలో డెలికేట్స్‌కి రెండున్నర కేజీలు మించొద్దని ఉంది. ఎందుకో చూద్దామని ఐదు కేజీలు వేశా. నీళ్లు గాజు పైకి వచ్చాయి గానీ బట్టలు తేలట్లేదు, ముద్దగా అడుగునే తిరుగుతున్నాయి, మధ్యలో ఉన్న దిండు గలేబు మీద పౌడరు తెల్లగా అలాగే మిగిలింది. తేలడానికి చోటు లేకపోతే అది డెలికేట్స్ కాదు, ఉతుకూ కాదు.

మే 14

ఇది మన ఎండలకి సంబంధించింది. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ డెలికేట్స్ వేశా, 30 డిగ్రీలే పెట్టా. కరెంటు మీటరు చూస్తే హీటరు ఒక్క క్షణం కూడా వెలగలేదు. వదిలిన నీళ్లలో ప్రోబు పెడితే 39 డిగ్రీలు! డాబా మీద నల్ల ట్యాంకు, మే నెల ఎండ, కుళాయిలోంచి నేరుగా 41 డిగ్రీల నీళ్లు వస్తున్నాయి. మిషన్ నీళ్లని కాచగలదు గానీ చల్లార్చలేదు, దానికి ఆ ఏర్పాటే లేదు. ప్యానెల్ మీద 30 అని ఉంటే అంతకి తక్కువుంటే అక్కడిదాకా కాస్తా అని మాత్రమే అర్థం.

పట్టు, జరీ, రంగు దిగే చీరలకి మనం 30 అని నమ్మి వేస్తున్నది ఎండాకాలం మధ్యాహ్నం దాదాపు 40లో పడుతోంది. ఇకనుంచి అలాంటివి పొద్దున ఆరింటికే. అప్పుడు ట్యాంకు నీళ్లు 30 దగ్గరుంటున్నాయి.

మే 19 — క్విక్

మా ఇంట్లో ఎక్కువ నొక్కే బటన్ ఇదే. అరగంట. నేను కూడా త్వరగా అయ్యేది అంటే సున్నితంగా ఉంటుందనే అనుకున్నా.

టాకో పెడితే 48 చుట్లు. పన్నెండు తిరిగి నాలుగు ఆగడం. అచ్చం నార్మలే! నీళ్లు కూడా పద్నాలుగు లీటర్లు, దాదాపు నార్మల్ అంతే. తగ్గించింది టైము ఒక్కటే: ఉతుకు 12 నిమిషాలు, జాలింపులు రెండు, నీళ్లు కాచడం దాదాపు లేదు. చివర పిండుడు 1000. అంటే క్విక్‌లో బట్టకి పడే దెబ్బ నార్మల్ దెబ్బే, తక్కువసేపు పడుతుందంతే. చుట్లు లెక్కేస్తే 430, డెలికేట్స్ కన్నా రెండింతలు పైనే. అరగంటే కదా అని పల్చటి చీరలు క్విక్‌లో వేసే అలవాటు మా వీధిలో చాలామందికి ఉంది, నిన్న ఎదురింటి అత్తయ్యగారికి ఈ లెక్క చూపిస్తే, ఆయ్, మరి నా షిఫాన్ చీరలన్నీ అందులోనే వేశానే, అని చాలాసేపు బాధపడ్డారు.

మరి మురికి సంగతి? పాత తెల్ల పంచె నుంచి జానెడు ముక్కలు కోసి మూడు మరకలు పెట్టా: చెరువు అడుగు నల్ల బురద, ఆవకాయ నూనె, చేప రక్తం. ఒక రోజు ఆరనిచ్చి లుంగీకి కుట్టేశా. క్విక్‌లో బురద ముక్క బూడిద రంగులో మిగిలింది, నూనె అంచు మాత్రమే పల్చబడింది, రక్తం గోధుమ రంగు మచ్చగా ఉండిపోయింది.

జర్మన్ రసాయన నిపుణుడు హెర్బర్ట్ సిన్నర్ 1959లో చెప్పిన మాట ఒకటుంది, ఉతుకంటే నాలుగు వాటాలు: సబ్బు, దెబ్బ, వేడి, టైము, ఒకటి తగ్గిస్తే మిగతావాటిలో పెంచాలి. క్విక్‌లో టైము, వేడి రెండూ కోసేశారు, దెబ్బ అంతే ఉంది, కాబట్టి మిగిలింది సబ్బు. అలాగని పౌడరు పెంచి చూశా, రెండు జాలింపులే కదా, చివర వదిలిన నీళ్లు చేత్తో రుద్దితే జిగురుగా జారాయి, ఆరాక లుంగీ కట్టుకుంటే నడుం దగ్గర దురద. కాబట్టి క్విక్‌కి సగం పౌడరు, ఒకసారి కట్టుకున్న చెమట బట్టలు, రెండు కేజీలు, అంతవరకే. చెరువు చొక్కాలకి కాదు.

మే 24 — హెవీ

60 డిగ్రీలు. స్పీడు 50 చుట్లు, నార్మల్‌కి పెద్ద తేడా లేదు! పదహారు సెకన్లు తిరిగి నాలుగు ఆగుతుంది. ఉతుకులో నీళ్లు పదమూడున్నర లీటర్లు. హెవీ అంటే నీళ్లు బోలెడు పోసుకుని గట్టిగా తిప్పుతుందనుకున్నా, అదేం కాదు. స్పీడు ఇంకా పెంచితే బట్టలు గోడకి అతుక్కుంటాయని పైన లెక్కేశాం కదా, కాబట్టి పెంచడానికి చోటు లేదు. హెవీ పెంచేది వేడిని, టైముని. ఉతుకు 85 నిమిషాలు, చుట్లు 3400, మొత్తం రెండు గంటల పావు.

పొద్దున వేసినప్పుడు హీటరు 21 నిమిషాలు వెలిగింది, దాదాపు 1900 వాట్లు, 0.65 యూనిట్. మోటారు, పంపుతో కలిపి మొత్తం 0.9 యూనిట్. నార్మల్ మొత్తం 0.42, డెలికేట్స్, క్విక్ 0.1 దగ్గర. అంటే కరెంటు తినేది తిరుగుడు కాదు, కాచుడు.

సాయంత్రం ఏడింటికి అదే హెవీ మళ్లీ వేశా. డిస్‌ప్లే మీద టైము ఒకచోట కదలకుండా ఆగిపోయింది, మా ఆవిడ ఏమండీ ఇది హ్యాంగ్ అయ్యింది అని పిలిచింది. మీటరు చూస్తే హీటరు 1300 వాట్లే లాగుతోంది, వోల్టేజి 190. సాయంత్రం అయ్యేసరికి చెరువుల మీద ఏరేటర్లన్నీ వేస్తారు, మా లైను దిగిపోతుంది, నా పనే అది కాబట్టి నాకు కొత్త కాదు. హీటరు పవరు వోల్టేజిని వోల్టేజితోనే గుణిస్తే వచ్చే లెక్కని బట్టి ఉంటుంది, 230 నుంచి 190కి దిగితే వోల్టేజి ఆరో వంతు తగ్గినట్టే గానీ పవరు మూడో వంతు పడిపోతుంది. 21 నిమిషాల కాచుడు 31 నిమిషాలు పట్టింది. నీళ్లు 60కి వచ్చేదాకా మిషన్ టైముని ముందుకి జరపదు, ఆగిపోయినట్టు కనిపిస్తుందంతే. ఆపి మళ్లీ వేస్తే మొదటికొస్తుంది, వదిలేయాలి.

మరకల ముక్కలు చూస్తే బురద పూర్తిగా పోయింది. ఆవకాయ నూనె పోయింది, పసుపు మాత్రం సబ్బుకి ఎర్రగా తిరిగి కనిపించింది, రెండు రోజులు ఎండలో వేస్తే అదీ తేలిపోయింది. చేప రక్తం పోవడం నాకు ఆశ్చర్యం, వేడినీళ్లలో రక్తం మరక పట్టుకుపోతుందని అమ్మ ఎప్పుడూ చెప్పేది. అది నిజమే, బకెట్లో ఇంకో ముక్కని నేరుగా 60 డిగ్రీల నీళ్లలో ముంచితే మరక గట్టిగా ఉండిపోయింది. మిషన్‌లో తేడా ఏంటంటే నీళ్లు 30 నుంచి నెమ్మదిగా ఎక్కుతాయి, ఆ దారిలో పౌడరులోని ఎంజైములు రక్తాన్ని కరిగించేస్తాయి, బాగా వేడెక్కేసరికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. హెవీ అంత మెల్లగా నడవడంలో ఇదీ ఒక లాభం.

జూన్ 2

చుట్ల లెక్క కాగితం మీదే ఉంది, బట్ట నిజంగా ఎంత అరుగుతుందో చూడాలనిపించింది. బట్టలు పరీక్షించే ల్యాబుల్లో ఒక పద్ధతి ఉంది: కాటన్ ముక్కలో గుండ్రటి కన్నాలు కోసి ఉతికి, కన్నం అంచున ఎన్ని దారాలు ఊడాయో లెక్కపెడతారు. దెబ్బ ఎక్కువైతే దారాలు ఎక్కువ.

అదే పంచెలోంచి నాలుగు ముక్కలు తీసి ఒక్కోదానికి ఐదేసి కన్నాలు, ఐదు రూపాయల బిళ్ల పెట్టి గీసి కోశా. ఒక్కో ప్రోగ్రాములో ఒక్కోటి వేసి, ఆరాక నల్ల అట్ట మీద పరిచి, సూదితో ఒక్కో దారం పక్కకి తీస్తూ లెక్కపెట్టా, రాత్రి పదిన్నర దాకా పట్టింది, మా పాప టార్చి పట్టుకుంది. డెలికేట్స్ 6 దారాలు. క్విక్ 14. నార్మల్ 31. హెవీ 47. డెలికేట్స్ ముక్కలో కన్నాలు కోసినప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి, హెవీ ముక్కలో ఒక్కో కన్నం చుట్టూ గడ్డంలా వేలాడుతున్నాయి.

చుట్లలో నార్మల్‌కి డెలికేట్స్‌కి పది రెట్లు తేడా ఉంటే దారాల్లో ఐదు రెట్లే వచ్చింది. జాలింపుల్లో తిరుగుడు, పిండుడు కూడా దారాలు లాగుతాయి, నేను ఉతుకు చుట్లే లెక్కేశా, అదే కారణం అనుకుంటున్నా. వరస మాత్రం మారలేదు, క్విక్ డెలికేట్స్ పక్కన కాదు, నార్మల్ దారిలోనే ఉంది.

జూలై 11

వానలు. ఈ రోజుల్లో ఆరబెట్టడమే అసలు పని కాబట్టి పిండుడు కూడా తూచా. రెండు కేజీల మూట 1000 ఆర్పీఎం తర్వాత 3.3 కేజీలు, 600 తర్వాత 3.9. అంటే డెలికేట్స్ నుంచి వచ్చిన బట్టల్లో అరలీటరు పైన నీళ్లు ఎక్కువ, వరండాలో తాడు మీద ఒక పూట ఎక్కువ పట్టింది. కాటన్ లుంగీ లాంటివి పొరపాటున డెలికేట్స్‌లో వేస్తే తీశాక పిండుడు ఒక్కటే విడిగా 1000లో పెట్టుకోవచ్చు, చీరలకి మాత్రం వద్దు, అంత స్పీడులో మడత పడితే ఇస్త్రీకి కూడా లొంగదు.

చొక్కాలు ఇప్పుడు హెవీలో, వారానికి ఒకసారి, పొద్దున్నే వోల్టేజి బాగున్నప్పుడు. రోజువారీ బట్టలు నార్మల్. అమ్మకి మళ్లీ బండారులంక చీరే కొన్నా, అది నిన్నటికి ఆరోసారి డెలికేట్స్, పొద్దున ఆరింటికి, దానితో పాటు ఇంకొక్క చీర తప్ప ఏమీ వెయ్యకుండా, వల సంచిలో పెట్టి. ఇవాళ వెలుతురులో అంచు పట్టుకుని చూశా, జరీ పక్కన ఒక్క దారం లేచి ఉంది. అమ్మ దాన్ని కత్తెరతో తీసేసి, సంచి జిప్పుకి పట్టుకుందిరా, మిషన్ కాదు, అంది. జిప్పు మీద గుడ్డ మడత కుట్టాలి.